కొన్ని ఛానళ్లే గళ్లు గళ్లుగా విరిగిపోతుంటే: తప్పు తీగదా, బాక్స్‌దా?

ప్రశ్న: మేము విశాఖ ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తులో ఉంటాం. రెండు నెలలుగా కొన్ని ఛానళ్లలో బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోయి ఆగిపోతోంది, మాట తెగిపోతోంది. మిగతా ఛానళ్లు బాగానే వస్తున్నాయి. సాయంత్రాలు, వాన పడ్డ రోజుల్లో ఎక్కువ. కేబుల్ అబ్బాయి వచ్చి చూసి, బాక్స్ పోయింది, కొత్తది తీసుకోండి అన్నాడు. నిజంగా బాక్సేనా? డబ్బు కట్టే ముందు నా అంతట నేను తేల్చుకునే దారి ఉందా?

జవాబు:

డబ్బు ఇప్పుడే కట్టకండి. బాక్స్ పోయి ఉండొచ్చు కూడా, కాదనను. కానీ మీరు రాసింది చదివితే ముందు అనుమానించాల్సింది తీగని. పాడైన బాక్స్ మామూలుగా ఛానళ్ల మధ్య తేడా చూపించదు, అన్నిటినీ ఒకేలా ఆపేస్తుంది. దీనికొక మినహాయింపు ఉంది, దాని సంగతి కింద చెబుతాను. కొన్ని ఛానళ్లే చెడుతున్నాయంటే ఆ కొన్నిటికీ ఉమ్మడిగా ఏముందో ముందు కనిపెట్టాలి.

మన ఊళ్లో చాలాకాలం కేబుల్ లైన్ల మీద పనిచేశాను కాబట్టి చెబుతున్నాను, ఈ తేల్చుకునే పనికి మీటరు అక్కర్లేదు. రిమోట్, ఒక కాగితం, పెన్ను, మంచి మనసున్న పక్కింటివాళ్లు ఉంటే చాలు.

కేబుల్ తీగలో ఛానళ్లు ఒక్కొక్కటిగా రావు. తీగలో సుమారు 47 నుంచి 862 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న జాగాని 8 మెగాహెర్ట్జ్ చొప్పున అరలుగా కోస్తారు. ఒక్కో అరలో మామూలు ఛానళ్లయితే పది పదిహేను, హెచ్‌డీవి అయితే కొన్నే, ఒకే మూటగా కట్టి పంపుతారు. ఆ అర ఎక్కడుందో చెప్పే అంకెనే ఫ్రీక్వెన్సీ అంటాం. మీరు రిమోట్‌లో నొక్కే ఛానల్ నంబరుకీ దీనికీ సంబంధం లేదు. వరసగా ఉన్న రెండు తెలుగు న్యూస్ ఛానళ్లు వేర్వేరు అరల్లో ఉండొచ్చు, ఒక భక్తి ఛానల్, ఒక ఆటల ఛానల్ ఒకే మూటలో ఉండొచ్చు. అందుకే ఏవి పాడవుతున్నాయో ఛానల్ పేర్లతో చూస్తే అర్థం పర్థం లేనట్టుంటుంది, ఫ్రీక్వెన్సీలతో చూస్తే వరస కనిపిస్తుంది.

ఆ ఫ్రీక్వెన్సీ మీ బాక్సే చూపిస్తుంది. చెడుతున్న ఛానల్ పెట్టి రిమోట్‌లో `INFO` ఒకటి రెండుసార్లు నొక్కండి. రాకపోతే మెనూలో సెట్టింగ్స్ కిందో, సిస్టమ్ సమాచారం కిందో సిగ్నల్ పేజీ ఉంటుంది. బాక్స్‌ని బట్టి పేర్లు మారతాయి గానీ అక్కడ ఉండేవి దాదాపు ఇవే:

```
Frequency     738.00 MHz
Symbol Rate   6875
Modulation    QAM 64
Strength      61 %
Quality       34 %
```

చెడుతున్న ఛానళ్లు ఒక అరడజను, బాగా వస్తున్నవి ఒక అరడజను తీసుకుని ఒక్కోదానికి ఫ్రీక్వెన్సీ, క్వాలిటీ రాసుకోండి. తర్వాత ఫ్రీక్వెన్సీ చిన్నది నుంచి పెద్దదాకా వరస పెట్టి, చెడ్డవాటి పక్కన గుర్తు పెట్టండి. ఆ గుర్తులన్నీ ఎక్కడ గుమిగూడాయో చూడండి.

పైవైపున, అంటే 600, 700 దాటిన ఫ్రీక్వెన్సీల్లో గుమిగూడితే సిగ్నల్ దారిలో నీరసించిపోతోందని అర్థం. తీగ ఏదైనా ఎక్కువ ఫ్రీక్వెన్సీలనే ఎక్కువ తినేస్తుంది. ఇళ్లలోకి లాగే ఆర్‌జీ-6 తీగ మంచిదే అయినా, సిగ్నల్ హెచ్చుతగ్గుల్ని కొలిచే డీబీ లెక్కలో, 100 మీటర్లకు కింది అంచున 5 డీబీ దాకా, పై అంచున 20 డీబీ దాకా మింగుతుంది. తీగలోకి నీళ్లు దిగితే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. మీరు వాన రోజుల్లో ఎక్కువన్నారు కాబట్టి నా పందెం దీని మీదే.

గుర్తులు కిందివైపున, తక్కువ ఫ్రీక్వెన్సీల్లో గుమిగూడితే కథ వేరు. తీగ మధ్యలో ఉండే రాగి కడ్డీ ఎక్కడో తెగి, వెంట్రుకంత ఎడం వచ్చి ఉంటుంది. లేదా కనెక్టర్‌లో పిన్ సరిగ్గా ఆనడం లేదు. అంత సన్నటి ఎడాన్ని ఎక్కువ ఫ్రీక్వెన్సీలు దాటేస్తాయి, తక్కువవి దాటలేవు. టీవీ వెనక్కి జరిపినప్పుడు తీగ నలిగితే ఇలా అవుతుంది. తీగని కనెక్టర్ దగ్గర కాస్త కదిపితే బొమ్మ వచ్చి పోతుంటుంది కాబట్టి ఇది పట్టుకోవడం తేలిక.

ఒక్క ఛానలే చెడి, అదే ఫ్రీక్వెన్సీలో ఉన్న దాని తోటి ఛానళ్లన్నీ శుభ్రంగా ఉంటే అది మీ ఇంటి లోపమూ కాదు, మీ బాక్స్‌దీ కాదు. ఆ ఛానల్ కంట్రోల్ రూమ్‌కి ఉపగ్రహం నుంచి వచ్చేటప్పుడే పాడై వస్తోంది. పక్క వీధిలోనూ అలాగే ఉంటుంది. ఏటా ఫిబ్రవరి చివర నుంచి మార్చి మధ్య దాకా, మళ్లీ సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ మధ్య దాకా, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చే కొన్ని రోజుల్లో, పగటిపూట కొద్ది నిమిషాల పాటు కొన్ని ఛానళ్లు ఇలా విరుగుతాయి. దాన్ని ఎవరూ బాగుచేయలేరు, దానంతటదే పోతుంది.

మరి సిగ్నల్ కొంచెం తగ్గితే బొమ్మ కొంచెం మసకబారాలి గానీ ఇలా గళ్లుగా ఎందుకు విరుగుతుందని మీకు అనిపించవచ్చు. అనలాగ్ రోజుల్లో అలాగే మసకబారేది. సిగ్నల్ తగ్గినకొద్దీ చుక్కలు పెరిగేవి, జనం ఆ చుక్కల్లోనే సినిమా చూసేసేవాళ్లు. డిజిటల్‌లో బాక్స్ లోపల తప్పుల్ని సరిదిద్దే ఏర్పాటు ఉంటుంది. పంపేవాళ్లు ప్రతి 188 బైట్లకు 16 బైట్లు అదనంగా జోడించి పంపుతారు. వాటి సాయంతో ఆ ముక్కలో 8 బైట్ల దాకా తప్పొచ్చినా బాక్స్ దిద్దేసుకుంటుంది, బొమ్మ మీద మచ్చ కూడా పడదు. తొమ్మిదో బైటు తప్పిందా, ఆ ముక్క మొత్తం పనికిరాదు. అందుకే సిగ్నల్ చాలా దూరం పడిపోయేదాకా ఏమీ తెలియదు, అంచుకి చేరాక ఒకట్రెండు డీబీల్లోనే బొమ్మ గళ్లుగా విరిగి, ఆగి, నల్లబడిపోతుంది. విశాఖలో అనలాగ్ కేబుల్‌కి స్వస్తి చెప్పింది 2013లో, డిజిటల్ రెండో దశలో. ఆ లెక్కన మన పాత అపార్ట్‌మెంట్లలో చాలా తీగలు, సిగ్నల్‌ని పంచే స్ప్లిట్టర్లు అనలాగ్ కాలం నాటివే. చుక్కలతో నెట్టుకొచ్చిన ఆ జాయింట్లే ఇవాళ అంచు మీద నిలబడి ఉన్నాయి, ఓ వాన పడితే అటు జారిపోతాయి.

సాయంత్రాల సంగతి కూడా చెప్పాలి. "సాయంత్రం అందరూ చూస్తారు కదండీ, లోడ్ ఎక్కువ" అని కేబుల్ వాళ్లే చెబుతుంటారు. ఇంటర్నెట్‌కి ఆ మాట చెల్లుతుంది, కేబుల్ టీవీకి చెల్లదు. తీగలో అన్ని ఛానళ్లూ ఎప్పుడూ పారుతూనే ఉంటాయి, చూసేది ఒక్కరైనా వెయ్యిమందైనా వాటి బలం మారదు. సాయంత్రాలు చెడటానికి మనకి కారణం సముద్రపు గాలి. పగలంతా ఎండకి ఆరిన తుప్పు జాయింటు చీకటిపడేసరికి మళ్లీ చెమ్మ పడుతుంది. ఆ గాలిలో ఉప్పు ఉంటుంది కాబట్టి బీచ్ వైపు ఇళ్లలో కనెక్టర్లు ఊరి లోపలివాటికన్నా త్వరగా పాడవుతాయి. తీగలో రాగి కడ్డీ చుట్టూ ఉండే అల్యూమినియం జల్లెడ తెల్లగా పొడిపొడి అయిపోతుంది.

ఇప్పుడు బాక్స్ తప్పునీ తీగ తప్పునీ ఎలా వేరు చేయాలో చూద్దాం. సిగ్నల్ పేజీని తెర మీద ఉంచి, చెడే ఛానల్ మీద ఆగండి. బొమ్మ విరిగిన క్షణంలో క్వాలిటీ అంకె ఏం చేసిందో చూడండి. బొమ్మ విరిగినప్పుడల్లా అంకె కూడా పడిపోతుంటే బాక్స్‌కి సరుకు సరిగ్గా అందడం లేదు. అంకె నిలకడగా ఉండి బొమ్మ మాత్రం ఆగిపోతుంటే సరుకు బాగానే అందుతోంది, దాన్ని విప్పి చూపించడంలో బాక్స్ తడబడుతోంది. స్ట్రెంత్ అంకెని మరీ నమ్మకండి, క్వాలిటీనే నమ్మండి. స్ట్రెంత్ 80 ఉండి క్వాలిటీ 20 ఉన్న ఇళ్లు చూశాను, అక్కడ ఎవరో చవక బూస్టర్ పెట్టి మంచితోపాటు చెత్తని కూడా పెంచి ఉంటారు. ఇంకో సంగతి, ఈ శాతాలు ఏ కంపెనీ బాక్స్‌కి ఆ కంపెనీ లెక్కే. మీ బాక్స్ 60ని పక్కింటి వేరే మోడల్ 75తో పోల్చకండి. మీ బాక్స్‌లోనే మంచి ఛానల్‌కీ చెడ్డ ఛానల్‌కీ, పొద్దుటికీ సాయంత్రానికీ పోల్చండి.

అయితే అంకె పడిపోయినంత మాత్రాన తీగదే తప్పని తీర్పు చెప్పలేం. బాక్స్‌లో సిగ్నల్ అందుకునే ట్యూనర్ పాతబడితే, అది ఒక వైపు ఫ్రీక్వెన్సీలనే సరిగ్గా పట్టలేకపోవచ్చు. నేను మొదట చెప్పిన మినహాయింపు ఇదే. అడాప్టర్ నీరసించినా బాక్స్ వేడెక్కాక అంకెలు దిగజారవచ్చు. ఇక్కడే బాక్సులు మార్చి చూడాలి, అదీ రెండు వైపులా. జనం చేసే పొరపాటు, ఒక వైపే మార్చి తీర్పు చెప్పేయడం.

అదే ఆపరేటర్ కనెక్షన్ ఉన్న ఇల్లు కావాలి. మీ కింది ఫ్లాట్‌వాళ్లు సరిపోతారు. ముందు మీ బాక్స్, మీ అడాప్టర్ తీసుకెళ్లి వాళ్ల తీగకి పెట్టి, మీకు చెడే ఆ ఫ్రీక్వెన్సీల ఛానళ్లే చూడండి. తర్వాత వాళ్ల బాక్స్ తెచ్చి మీ తీగకి పెట్టి, మళ్లీ అవే ఛానళ్లు చూడండి. రెండిట్లోనూ ఒక్కో ఛానల్ మీద పది నిమిషాలైనా ఉండాలి, వీలైతే మామూలుగా చెడే సాయంత్రం వేళే చెయ్యండి. కొన్ని ఛానళ్లు వాళ్ల ప్యాకేజీలో లేకపోతే అదే ఫ్రీక్వెన్సీలో ఉన్న ఇంకో ఛానల్ చూస్తే సరిపోతుంది.

మీ బాక్స్ అక్కడ కూడా విరిగి, వాళ్ల బాక్స్ మీ ఇంట్లో నిక్షేపంగా ఉంటే బాక్స్ పోయినట్టే. కేబుల్ అబ్బాయి మాట నిజం. మీ బాక్స్ అక్కడ బాగుండి, వాళ్ల బాక్స్ మీ ఇంట్లో విరిగితే మీ తీగ. ఇవి రెండూ తేలికే. చిక్కంతా మూడో రకంతో వస్తుంది: మీ బాక్స్ అక్కడ బాగుంటుంది, వాళ్ల బాక్స్ మీ ఇంట్లో కూడా బాగుంటుంది. ఎవరికీ తప్పు లేనట్టు కనిపిస్తుంది. అసలు జరిగేదేమిటంటే మీ ఇంటికొచ్చే సిగ్నల్ సరిగ్గా అంచు మీద ఉంది. మీ పాత ట్యూనర్‌కి అది చాలట్లేదు, వాళ్ల కొత్త ట్యూనర్ ఎలాగోలా లాగుతోంది. కొత్త బాక్స్ పెట్టగానే రోగం కుదిరిపోయిందని అందరూ నమ్మేది ఈ రకం ఇళ్లలోనే. కేబుల్ అబ్బాయి అబద్ధం చెప్పాడని కూడా అనలేం, అతను చూసింది అదే. వచ్చే వర్షాకాలానికి కొత్త బాక్స్ కూడా విరగడం మొదలెడుతుంది, ఈసారి టీవీ పోయిందంటారు.

లాసన్స్ బే కాలనీలో ఒక రిటైరైన మాస్టారి ఇంట్లో జరిగింది చెబుతాను. మూడో అంతస్తు, సముద్రం వైపు బాల్కనీ. ఆయన బాక్స్ అప్పటికే ఒకసారి మార్చారు. నేను వెళ్లేసరికి ఆయన ఛానళ్లన్నీ ఒక నోట్‌బుక్‌లో గీతలు కొట్టి రాసి పెట్టుకున్నారు. "బాబూ, పొద్దున్న సుప్రభాతం వేళకి బాగుంటుంది, రాత్రి అదే ఛానల్ ముక్కలైపోతుంది" అన్నారు. పాడయ్యేవాటి ఫ్రీక్వెన్సీలు చూస్తే 738, 770, 802. బాగున్నవన్నీ 306 నుంచి 560 లోపల. పైవైపు గుమిగూడాయి, వరస కుదిరింది.

రెండు వైపులా మార్చి చూశాం. ఆయన బాక్స్ కింది ఇంట్లో ఏ తేడా లేకుండా ఆడింది. కింది ఇంటివాళ్ల బాక్స్ ఆయన తీగ మీద కూడా ఆడింది, కానీ 738లో క్వాలిటీ కింది ఇంట్లో చూపించినదాంట్లో సగానికి పడిపోయింది. బొమ్మ విరగలేదు కదా అని అక్కడితో ఆపేస్తే మళ్లీ బాక్సే కొనిపించేవాళ్లు. ఒకే బాక్స్, రెండు తీగలు, రెండు అంకెలు. తప్పు తీగలో ఉందని అక్కడే తేలిపోయింది.

తర్వాత మీటరు పెట్టాను. మేడ మీద లైన్ నుంచి ఇంటికి తీగ తీసే ట్యాప్ దగ్గర సిగ్నల్ బలం 306లో 66, 738లో 63 డీబీ మైక్రోవోల్ట్లు ఉంది. అక్కడి నుంచి ఇంట్లోకి సుమారు 25 మీటర్ల తీగ. మంచి ఆర్‌జీ-6 అయితే అంత దూరానికి 306లో 3 డీబీ, 738లో 5 డీబీకి కాస్త లోపు పోవాలి. అంటే ఇంట్లో 63, 58 అటూ ఇటూగా రావాలి. వచ్చింది 62, 45. కిందివైపు లెక్క కుదిరింది, పైవైపు 13 డీబీ ఎవరో తినేశారు. ఇంట్లో రెండు టీవీలకి పంచే స్ప్లిట్టర్ ఇంకో 4 డీబీ తీసుకుంటే బాక్స్ దగ్గరికి 738లో చేరేది 41. సిగ్నల్ పేజీలో మాడ్యులేషన్ క్యూఏఎమ్ 64 అని ఉండే అరకి బాక్స్ దగ్గర కనీసం 47 ఉండాలని ప్రమాణం, కాస్త ఎడం కోసం నేనైతే 52, 53 చూసుకుంటాను. 41 దగ్గర పాత ట్యూనర్ చతికిలపడటంలో వింతేముంది, కొత్తది ఆడటమే వింత.

ఆ 13 డీబీ బాల్కనీ గోడ మీద దొరికింది. ఎప్పుడో తీగ చాలక మధ్యలో జాయింటు వేశారు. కనెక్టర్లు పెట్టే ఓపిక లేక రాగికి రాగి మెలిపెట్టి, జల్లెడకి జల్లెడ మెలిపెట్టి టేపు చుట్టేశారు. టేపు విప్పితే రాగి పచ్చబడి ఉంది, జల్లెడ బూడిదలా రాలింది. అంతవరకు ముక్క కోసి కొత్త కనెక్టర్ వేద్దామని ఒక మీటరు కోశాను, లోపల జల్లెడ నల్లగానే ఉంది. ఇంకో మీటరు కోశాను, ఇంకా తడే. జల్లెడ దూదివత్తిలా నీటిని లోపలికి పీల్చుకుపోతుంది, అందుకే జాయింటు ఒక్కటే మారిస్తే సరిపోదు. జల్లెడ మెరుస్తూ పొడిగా కనిపించేదాకా కోయాలి, లేదా మొత్తం తీగ మార్చాలి. మొత్తం మార్చేశాం, మధ్యలో జాయింటు లేకుండా. బాక్స్ దగ్గర 738లో 53 వచ్చింది. బాక్స్ ఆయన పాతదే ఉంచాం.

మీ ఇంట్లో వెతకాలంటే బాక్స్ నుంచి మొదలెట్టి వెనక్కి వెళ్లండి. బాక్స్ వెనక కనెక్టర్ మర బిగించేదా, ఊరికే నెట్టేదా చూడండి. నెట్టే రకమైతే ముందు అది మార్పించండి. విప్పితే మధ్య రాగి కడ్డీ అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు నిటారుగా కనిపించాలి, జల్లెడ వెంట్రుక ఒక్కటి కూడా దానికి తగలకూడదు. తర్వాత స్ప్లిట్టర్. రెండు దారులది 4 డీబీ దాకా, నాలుగు దారులది 7, 8 డీబీ తింటుంది. ఒకప్పుడు మూడు గదుల్లో టీవీలుండి ఇప్పుడు ఒకటే మిగిలిన ఇళ్లలో, నాలుగు దారుల స్ప్లిట్టర్ ఇంకా గోడకి వేలాడుతూ ఉంటుంది. దాన్ని తీసేసి తీగని నేరుగా బాక్స్‌కి పెట్టి చూడండి. ఈ ఒక్క పనితో నయమైన ఇళ్లు చాలానే ఉన్నాయి. స్ప్లిట్టర్ ఉంచక తప్పకపోతే ఖాళీగా వదిలిన నోటికి 75 ఓమ్‌ల టర్మినేటర్ బిగించండి, చాలా చవక వస్తువు అది. బయటి నుంచి తీగ ఇంట్లోకి వచ్చే చోట, తీగ కిందికి వంపు తిరిగి మళ్లీ పైకి వచ్చి కన్నంలో దూరాలి. అలా ఉంటే వాననీళ్లు వంపు దగ్గరే కారిపోతాయి. లేకపోతే తీగ వెంట నడుచుకుంటూ కనెక్టర్‌లోకే వస్తాయి.

మేడ మీద ఉన్న యాంప్లిఫయర్ జోలికి మాత్రం మీరు వెళ్లకండి. కొన్నిటికి తీగలోంచే 60, 90 వోల్టులు పంపుతారు, తడి రోజుల్లో దాని పైడబ్బా కూడా షాక్ కొట్టవచ్చు. ఉరుములు మెరుపులప్పుడు ఇంట్లో తీగ కూడా విప్పవద్దు. యాంప్లిఫయర్‌దే తప్పయితే ఎలా తెలుస్తుందంటే, దాని కింద ఉన్న ఫ్లాట్లన్నిటికీ ఒకేసారి చెడుతుంది. కరెంటు పోయినప్పుడు మీ టీవీ, బాక్స్ ఇన్వర్టర్ మీద నడుస్తున్నా అన్ని ఛానళ్లూ ఒక్కసారిగా పోతే, పైన యాంప్లిఫయర్‌కి బ్యాటరీ లేదనే అర్థం. దాన్ని రోగంగా లెక్కపెట్టకండి.

బాక్స్ నిజంగా పోయినప్పుడు ఎలా ఉంటుందో కూడా చెప్పకపోతే జవాబు ఒకవైపే అవుతుంది. బొమ్మ ఆగినప్పుడు రిమోట్ నొక్కితే మెనూ కూడా రాకుండా మొత్తం బిగుసుకుపోతుందా? అది సిగ్నల్ పని కాదు, సిగ్నల్ లేకపోయినా మెనూ రావాలి. పెట్టిన అరగంటకి మొదలై, కాసేపు ఆపి పెడితే మళ్లీ అరగంట బాగుంటుందా? వేడి సంగతి. టీవీ కింద మూసిన అరలోనో, ఇన్వర్టర్ మీదో బాక్స్ పెట్టి ఉంటారు, ముందు గాలి తగిలే చోటికి మార్చండి. దానంతటదే ఆరి వెలుగుతుంటే అడాప్టర్ని అనుమానించండి. లోపల కెపాసిటర్లు ఉబ్బిపోతే చూడ్డానికి లైటు వెలుగుతూనే ఉంటుంది గానీ బరువు పడగానే వోల్టేజీ కుంగుతుంది. అడాప్టర్ మార్చి చూసేటప్పుడు దాని మీద రాసిన వోల్టులు పాతదానితో సరిగ్గా ఒకటే ఉండాలి, ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి, పిన్ రకం, ప్లస్ మైనస్ గుర్తు కలవాలి. బాక్స్ పోయిందని పారేసినవాటిలో చాలా వాటికి పోయింది అడాప్టరే.

బొమ్మ గళ్లు పడకుండా తెరంతా మిణుకులు, లేదా క్షణంపాటు మొత్తం నల్లబడి తిరిగి రావడం ఉంటే హెచ్‌డీఎంఐ తీగ మార్చి చూడండి. తెర మీద ఏదో కోడ్ నంబరుతో సందేశం వచ్చి బొమ్మ లేకపోతే అది చందా, కార్డు వ్యవహారం, వీటిల్లో దేనికీ చెందదు. బాక్స్‌కి కోయాక్సియల్ తీగ బదులు ల్యాన్ తీగ వస్తుంటే, అంటే ఇంటర్నెట్ మీద నడిచే బాక్స్ అయితే, ఈ జవాబులో ఫ్రీక్వెన్సీల లెక్కంతా మీకు పనికిరాదు.

కాగితం మీద వరస పైకీ కాకుండా కిందికీ కాకుండా, 700-800ల మధ్యలో ఒకటి రెండు ఫ్రీక్వెన్సీలు మాత్రమే విడిగా చెడుతుంటే ఫోన్‌ని బాక్స్‌కి దూరంగా పెట్టి చూడండి. సెల్ కంపెనీలు వాడే 700, 850 మెగాహెర్ట్జ్ పట్టీలు కేబుల్ జాగాలోనే పడతాయి. మీ ఫోన్ టవర్‌తో మాట్లాడేది 703 నుంచి 748, లేదా 824 నుంచి 849 మధ్య కావచ్చు. తీగ జల్లెడ పలచగా ఉన్నా, కనెక్టర్ వదులుగా ఉన్నా ఫోన్ తరంగాలు లోపలికి దూరి ఆ అరని పాడు చేస్తాయి. బాక్స్ పక్కన ఫోన్ పెట్టి కాల్ చేసినప్పుడు విరిగి, గది అవతలికి తీసుకెళ్తే ఆగితే ఇదే. బాక్స్ మార్చినా పోదు, నిండు జల్లెడున్న తీగ, మర బిగించే కనెక్టర్ వేస్తే పోతుంది.

ఈసారి కేబుల్ అబ్బాయిని పిలిచేటప్పుడు ఆ కాగితం చేతికివ్వండి. "మీటరు మేడ మీద కాదు తమ్ముడూ, మా బాక్స్‌కి పెట్టే ఈ తీగ చివర పెట్టు, ఈ ఫ్రీక్వెన్సీలోనే చూపించు" అని అడగండి. మేడ మీద ఒక మంచి ఫ్రీక్వెన్సీలో చూసి "లెవెల్ ఫుల్ ఉందండీ" అనేసి వెళ్లిపోవడం మామూలు. డిజిటల్ మీటరైతే లెవెల్‌తో పాటు, సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే ఎంఈఆర్ అనే అంకె చూపిస్తుంది. క్యూఏఎమ్ 64కి అది 30 దాటితే హాయి, 26 కిందికొస్తే గండం, 24 దగ్గర బొమ్మ విరిగి తీరుతుంది. మీ తీగ చివర, చెడే ఫ్రీక్వెన్సీలో, చెడే వేళకి లెవెల్ 52 పైన, ఎంఈఆర్ 30 పైన చూపించి, అయినా బొమ్మ విరుగుతుంటే అప్పుడు బాక్స్‌కి డబ్బు కట్టండి. అంకెలు తక్కువ వస్తే తీగ మార్చమనండి. మీ కాగితంలో ఫ్రీక్వెన్సీలు ఏమొచ్చాయో, రెండు వైపులా మార్చి చూస్తే ఏమైందో ఇక్కడ రాయండి, ఇంకా ఏమైనా తేలాల్సి ఉంటే చూద్దాం.